రెండుసార్లు వచ్చిన 2 తప్పు కాదు, అసలు సంగతి అందులోనే ఉంది

ప్రశ్న: y = x³ − 3x కి (2, 2) దగ్గర స్పర్శరేఖ y = 9x − 16 అని వచ్చింది. రెండూ సమానం చేసి సాధిస్తే x = 2 రెండుసార్లు వస్తోంది, పైగా −4 కూడా వస్తోంది. స్పర్శరేఖ ఒక్కచోటే తాకాలి కదా, నేనెక్కడ తప్పు చేశాను?

ఎక్కడా చేయలేదు. మీకు తప్పు చెప్పింది పదో తరగతిలో వృత్తాల పాఠం. వృత్తానికి స్పర్శరేఖ ఒక్క బిందువు దగ్గరే తాకుతుందని అక్కడ బట్టీ పట్టిస్తారు, వృత్తం వరకు అది నిజమే. దాన్నే మనం స్పర్శరేఖకు నిర్వచనం అనుకుని ఇంటర్ దాకా మోసుకొస్తాం. ఘన వక్రం దగ్గరికొచ్చేసరికి అది పనికిరాదు. గీత ఒకచోట ఒరుసుకుంటూ పోయి ఇంకోచోట వక్రాన్ని నిక్షేపంగా కోసుకుని పోవచ్చు. మీ గీత −4 దగ్గర చేస్తున్నది అదే, (−4, −52) దగ్గర. గ్రాఫ్ కాగితం మీద −52 దాకా ఎవరూ గీయరు కాబట్టి అది మన కంటపడదు, అంతే.

మీ ప్రశ్న చూడగానే ఇదే వక్రం, ఇదే (2, 2) మీద నాకు సగం మార్కులు పోయిన రోజు గుర్తొచ్చింది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

ఇంటర్ సెకండియర్‌లో ఉన్నా. గుంటూరు వైపు ఒక హాస్టల్ కాలేజీ, పేరు ఎందుకులెండి. ఆదివారం పొద్దున్నే వీక్లీ టెస్టు, టిఫిన్ కూడా పెట్టకుండా. ప్రశ్న ఇది: (2, 2) గుండా పోతూ y = x³ − 3x కి స్పర్శరేఖలయ్యే గీతల వాలులు కనుక్కోండి. నేను గీతను y − 2 = m(x − 2) అని రాసి ప్రతిక్షేపించాను. ఎడమ పక్క x³ − 3x − 2 వస్తుంది, అందులోంచి x − 2 బయటికి తీస్తే మిగిలేది x² + 2x + 1. కుడి పక్కది కూడా ఇటు తెస్తే:

(x − 2)(x² + 2x + 1 − m) = 0

x = 2 వచ్చేసింది, అది ఎలాగూ ఇచ్చిన బిందువే. మిగిలింది వర్గ సమీకరణం, స్పర్శరేఖ అన్నారు కాబట్టి మూలాలు సమానం, విచక్షణి సున్నా, విచక్షణి 4m, కాబట్టి m = 0. జవాబు y = 2. రాసి గీత కొట్టి దర్జాగా కూర్చున్నా.

నా పక్క బెంచీవాడు, నా రూమ్మేటే, ఇవేవీ చేయలేదు. వాడు అవకలనం చేశాడు, 3x² − 3 లో 2 పెట్టాడు, 9 వచ్చింది, రెండు లైన్లలో అయిపోయింది. బయటికొచ్చాక మెస్ లైన్లో నిలబడి ఇద్దరం కొట్టుకున్నంత పని. వాడు తొమ్మిదంటాడు, నేను సున్నా అంటా. ‘ఒరేయ్, విచక్షణి సున్నా కాకుండా స్పర్శరేఖ ఎలా అవుతుందిరా’ అని నేను, ‘ఒరేయ్, అవకలనం అబద్ధం చెబుతుందా’ అని వాడు. పేపర్లు ఇచ్చినప్పుడు చూస్తే ఇద్దరికీ సగం సగమే వేశారు.

సార్ మా ఇద్దర్నీ బోర్డు దగ్గరికి పిలిచారు. నా సమీకరణమే బోర్డు మీద రాయించి, ‘ఆ వర్గ సమీకరణాన్ని సాధించరా, విచక్షణి గోల పక్కన పెట్టి’ అన్నారు. x² + 2x + 1 అంటే (x + 1)² కదా, కాబట్టి (x + 1)² = m, x = −1 ± √m. అంటే (2, 2) గుండా వాలు m తో గీత గీస్తే, m సున్నాకి తక్కువ కానంత వరకు, అది వక్రాన్ని కలిసే చోట్లు మూడు: 2, −1 + √m, −1 − √m. తర్వాత m కి ఒక్కో విలువ పెట్టి చెప్పమన్నారు. m = 4 అయితే 2, 1, −3. m = 6.25 అయితే 2, 1.5, −3.5. m = 8.41 అయితే 2, 1.9, −3.9. ఆయన చెక్క స్కేలు (2, 2) మీద ఆనించి కొంచెం కొంచెం నిలువుగా లేపుతున్నారు. రెండో బిందువు వక్రం వెంబడే పాకుతూ 2 వైపుకి వస్తోంది. 9 దగ్గర వచ్చి 2 మీదే కూర్చుంది.

అప్పుడు నావైపు తిరిగి, ‘ఇక్కడ రెండు మూలాలు కలిశాయా లేదా? మరి నీ విచక్షణికి ఎందుకు కనపడలేదు?’ అన్నారు.

ఎందుకంటే నేను వెతికింది వర్గ సమీకరణంలోని రెండు మూలాలు ఒకదానితో ఒకటి కలవడం మాత్రమే. అవి −1 దగ్గర కలుస్తాయి, m = 0 అప్పుడు. ఆ గీత y = 2, అది తాకేది (−1, 2) దగ్గర, (2, 2) దగ్గర మాత్రం వక్రాన్ని ఖండించి పోతుంది. అదీ (2, 2) గుండా పోయే స్పర్శరేఖే, తప్పు లేదు. కానీ నేను ముందే బయటికి తీసి పక్కన పడేసిన x = 2 ఉంది చూడండి, వర్గ సమీకరణంలోని ఒక మూలం వచ్చి దానితో కూడా కలవొచ్చు. అది పట్టుకోవాలంటే వర్గ సమీకరణంలో x = 2 పెట్టాలి: 4 + 4 + 1 − m = 0, m = 9. మావాడికి ఇది దొరికింది, ఎందుకంటే వాడు (2, 2) దగ్గర తాకే గీతనే వెతికాడు. ప్రశ్నలో ఉన్నది (2, 2) ‘గుండా’ అని, ‘దగ్గర’ అని కాదు. సరైన జవాబు 0, 9 రెండూ.

ఈ తప్పు ఆ తర్వాత నేను ట్యూషన్ చెప్పిన నాలుగేళ్ళలో ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. తెలిసిన మూలాన్ని భాగించి తీసేశాక పిల్లలు దాన్ని మర్చిపోతారు. తీసేసిన మూలం ఎక్కడికీ పోదు, మిగిలినవాటిని దానితో కూడా పోల్చి చూడాలి. ఇంకొందరైతే నేరుగా ఘన సమీకరణానికే b² − 4ac వేస్తారు, వాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. షార్ట్‌కట్ల పుస్తకాలు అమ్మేవాళ్ళని అనాలి ముందు.

ఇంకో ముక్క గమనించారా? 9 అనే వాలు మాకు అవకలనం లేకుండానే వచ్చింది, ఉత్త ప్రతిక్షేపణ, కారణాంకాలతో. అవధులు, అవకలనం చెప్పకముందే ఈ ఒక్క లెక్క చేయిస్తే తర్వాత పిల్లలు dy/dx చూసి అంత భయపడరని నా గట్టి నమ్మకం, ఎవరు కాదన్నా సరే. చరిత్రలో జరిగింది కూడా దాదాపు అంతే. 1637లో అచ్చయిన జ్యామితి పుస్తకంలో డెకార్ట్ వక్రానికి లంబరేఖ కనుక్కున్నది సమాన మూలాల పద్ధతితోనే, కాకపోతే ఆయన గీత బదులు వృత్తాన్ని తీసుకున్నాడు. న్యూటన్ అప్పటికి పుట్టనే లేదు.

సరే, మీ 2 ఎందుకు రెండుసార్లు వచ్చిందంటే, వక్రానికీ మీ గీతకీ తేడా రాయండి: x³ − 12x + 16, అంటే (x − 2)²(x + 4). 2 కి అటు 0.1 దూరంలో, 2.1 దగ్గర, ఈ తేడా 0.061. దూరం పదోవంతు చేసి 2.01 దగ్గర చూడండి, సుమారు 0.0006. దూరం పదోవంతు అయితే తేడా వందోవంతు అయింది. అదే వాలు 8 ఉన్న గీతతో చూస్తే 2.1 దగ్గర 0.161, 2.01 దగ్గర 0.0106, ఇంచుమించు పదిహేనో వంతే తగ్గింది, ఇంకా దగ్గరికి పోతే పదోవంతు చొప్పునే తగ్గుతుంది. గీత వక్రానికి అతుక్కుని పోవడం అంటే లెక్కలో ఇదే. పైగా వర్గం కాబట్టి 2 కి ఇటూ అటూ గుర్తు మారదు, రెండు పక్కలా వక్రం గీతకి పైనే ఉంటుంది. x + 4 ఒక్కటే ఉంది కాబట్టి −4 దగ్గర గుర్తు మారి గీత అటు నుంచి ఇటు దాటుతుంది.

−4 ముందే చెప్పేయొచ్చు కూడా. సమీకరణంలో x² పదం లేదు కాబట్టి మూడు మూలాల మొత్తం సున్నా. t దగ్గర తాకితే t, t పోను మూడోది −2t. 2 దగ్గర తాకింది, −4 దగ్గర కోసింది. −1 దగ్గర తాకింది, 2 దగ్గర కోసింది. మరి t = 0 అయితే? మూడోది కూడా 0. అక్కడి స్పర్శరేఖ y = −3x, ప్రతిక్షేపిస్తే x³ = 0, మూడు మూలాలూ ఒకేచోట. అది స్పర్శరేఖే, కానీ తాకే చోటే వక్రాన్ని దాటి అటు పక్కకి పోతుంది. ‘స్పర్శరేఖ వక్రాన్ని దాటదు’ అని ఎవరైనా అంటే దీన్ని చూపించండి.

గ్రాఫ్ చూసి మాత్రం తీర్పు చెప్పకండి. వాలు 8.9 పెడితే రెండో ఖండన బిందువు సుమారు 1.983 దగ్గర ఉంటుంది, ఫోన్ స్క్రీన్ మీద అది 2 లాగే కనిపిస్తుంది, అచ్చం తాకినట్టే. మా అక్కకొడుకు నాతో వాదించింది దీని మీదే, జూమ్ చేసి చూపించేదాకా ఒప్పుకోలేదు.

ఒక్క చోట జాగ్రత్త. y² = x³ + x² లాంటి వక్రం తనని తానే మూలబిందువు దగ్గర దాటుకుంటుంది. అందులో y = mx పెడితే x²(x + 1 − m²) = 0, m ఏదైనా x = 0 రెండుసార్లు వస్తుంది. అక్కడ రెండుసార్లు వచ్చినంత మాత్రాన స్పర్శరేఖ కాదు, వక్రం తాలూకు రెండు పాయల్ని గీత ఒకేసారి కోసిందంతే. మూడుసార్లు రావాలి, అంటే m = 1 లేదా −1. y = f(x) రూపంలో ఉన్న మీ వక్రంలో ఈ గొడవ లేదు.

మా రూమ్మేట్ ఇప్పుడు పుణెలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఇప్పటికీ ‘ఏరా సున్నా’ అనే పలకరిస్తాడు, నేను ‘చెప్పరా తొమ్మిదీ’ అంటాను. వాళ్ళావిడకి ఇదంతా ఏమిటో ఈరోజు వరకు చెప్పలేదట.