అమెరికాలో పురుడు: బారసాలకి ముందే పేరు

ఇరవై ఒకటో రోజు బారసాల చేసి, అప్పుడు పేరు పెడదామని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఇక్కడ ఆస్పత్రిలో మాత్రం ఇంటికి పంపకముందే బర్త్ సర్టిఫికెట్ ఫారం చేతిలో పెడతారు. సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఆ ఫారంతోనే అడగొచ్చు, కానీ పేరు లేని బిడ్డకి నంబరు ఇవ్వరు. అందుకే నక్షత్రం పేరు బియ్యంలో రాయడానికి, రికార్డు పేరు ఫారంకి అని విడదీసుకోండి. అప్పుడు అత్తగారితో వాదన ఉండదు.

పురుడైన మర్నాడు మాకు తెలిసిన ఓ జంట ఫోన్ చేశారు. బాబుది పునర్వసు మూడో పాదం, "హా" అక్షరం, హర్షిత్ అనుకుంటున్నాం అన్నారు. HARSHIT అని పెద్దక్షరాల్లో రాసి, చివరి నాలుగూ విడిగా చదవమన్నాను. అటు నుంచి మాట లేదు. చివర ఇంకో H తగిలించినా ఆ నాలుగూ ఎక్కడికీ పోవు. మొదటి సగం తీసుకుంటే Harsh, అంటే వీళ్లకి కర్కశం. హరి అందామా అంటే, అమెరికన్ యాసలో హ్యారీకీ, ఒంటినిండా వెంట్రుకలున్న hairyకీ తేడా వినపడదు. అయినా హ్యారీ వాళ్లకి అలవాటైన పేరే, ఫర్వాలేదు. చివరికి వాళ్లు బియ్యంలో హర్షవర్ధన్, ఫారంలో నిఖిల్ రాశారు. దాన్ని ఎవరైనా కుదించినా Nick అవుతుంది, అంతకంటే ఏం కావాలి?

ఇదే పరీక్ష ఇషితకీ, దీక్షిత్‌కీ పెట్టి చూడండి. ఫణి అంటే అమెరికాలో funny అని వింటారు. బ్రిటన్ వెళ్తే ఇంకా ఘోరం, అది పైకి చెప్పలేను.

స్పెల్లింగులో మన తంటా అంతా "త"తోనే. మనం త కోసం th రాస్తాం, వాళ్లు దాన్ని thinkలో లాగా పలుకుతారు. h తీసేస్తే ట అంటారు. సాత్విక ఎలా రాసినా సాత్విక కాదు, అది ఒప్పుకోగలిగితేనే పెట్టండి. సంఖ్యాశాస్త్రం చెప్పిందని అదనంగా a, e చేర్చకండి. మందుల షాపుకి ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ అక్షరాలన్నీ మీరే ఒప్పజెప్పాలి.

అర్థం కోసం పేర్ల వెబ్‌సైట్లని నమ్మొద్దు. ఆరవ్ అంటే ప్రశాంతం అని రాస్తాయి. సంస్కృతంలో ఆరవం అంటే అరుపు, చప్పుడు. (పసిపిల్లాడికి నప్పే పేరేననుకోండి.) నిఘంటువు తీయండి, లేదా సంస్కృతం తెలిసిన మేష్టారినొకరిని అడగండి.

ఫారంలో ఇంటిపేరు Last Name గడిలోనే రాయండి, మన అలవాటుగా ముందు ఇనీషియల్ పెట్టకండి. సంతకానికి ముందు ఒక్కో అక్షరం వేలుపెట్టి చదవండి. తర్వాత పాస్‌పోర్టు, ఓసీఐ అన్నీ ఆ కాగితం చూసే ఇస్తారు. తప్పు దొర్లితే ముందు దాన్ని రాష్ట్ర రికార్డుల ఆఫీసులో దిద్దించుకోవాలి.