నాన్నగారి రెండో పెళ్లి: ఇల్లు ఎవరిది, పిన్నికి ఏ భద్రత?

ప్రశ్న: నాన్నగారికి 63 ఏళ్లు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. పోయిన నెల ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఫొటో కింద నేనే రాశాను: "అమ్మ మాలోనే ఉంది. నాన్న పక్కన ఇప్పుడు పిన్ని ఉన్నారు. ఇంట్లో మళ్లీ మాటలు వినబడుతున్నాయి. మాకు సంతోషం." నేనూ చెల్లీ ఆ మాట మీదే ఉన్నాం. ఇల్లు అమ్మానాన్నల ఇద్దరి పేరున ఉంది, అమ్మ వీలునామా రాయలేదు. పిన్నికి మొదటి పెళ్లి ద్వారా ఒక అబ్బాయి, ఉద్యోగం చేస్తున్నాడు. నాన్న కేంద్ర ప్రభుత్వ పెన్షనరు. పిన్నికి మొదటి భర్త తాలూకు కేంద్ర ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. రేపు ఎవరి మధ్యా మాట రాకుండా ఇప్పుడేం చేయాలి?

జవాబు: ముందుగా ఇంట్లో నాన్నగారిది ఎంతో తేల్చుకోండి. చాలా కుటుంబాలు ఈ మెట్టు దాటేసి నేరుగా వీలునామా దగ్గరికి వెళ్తాయి, చిక్కు అక్కడే పడుతుంది. దస్తావేజులో చెరి సగం అని ఉందనుకుందాం. మీరు హిందువులైతే, వీలునామా లేకుండా పోయిన అమ్మగారి సగం 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్తకూ పిల్లలకూ సమానంగా వస్తుంది. అంటే ఆ సగం నుంచి మీ ముగ్గురికీ మొత్తం ఇంట్లో ఆరో వంతు చొప్పున. నాన్నగారి సొంత సగం కలిపితే ఆయనది మూడింట రెండు వంతులు, మీ అన్నాచెల్లెళ్లది మిగిలిన మూడో వంతు. మున్సిపల్ రికార్డుల్లో ఇల్లు మొత్తం ఆయన పేరున మారి ఉన్నా ఈ లెక్క మారదు. మ్యుటేషన్ పన్ను కట్టించుకోవడానికే గానీ యాజమాన్యం ఇవ్వదు.

ఇప్పుడు నాన్నగారు కూడా వీలునామా రాయకుండా వెళ్లిపోతే ఏమవుతుందో చూడండి. నాయనమ్మ లేరనుకుంటే, ఆయన మూడింట రెండు వంతులు పిన్నికీ మీ ఇద్దరికీ సమానంగా పోతాయి. ఇంటిని 18 వాటాలుగా ఊహించుకుంటే పిన్నికి 4, మీకు 7, చెల్లికి 7. మొదటి భార్య, రెండో భార్య అన్న తేడా చట్టంలో లేదు. చెల్లుబాటయ్యే పెళ్లి అయితే ఆవిడ పూర్తి వారసురాలే. ఆవిడ కొడుకుకు మాత్రం మీ నాన్నగారి ఆస్తిలో నేరుగా హక్కు రాదు. అయితే ఆ 4 వాటాలు ఒకసారి ఆవిడ పేరున పడ్డాక, ఆవిడ తర్వాత అవి ఆ అబ్బాయికే వెళ్తాయి. భర్త నుంచి వచ్చిన ఆస్తి తిరిగి భర్త వారసులకు చేరేది ఆవిడకు సంతానం లేనప్పుడే. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఒకే ఇంటికి ఒకరినొకరు అంతగా ఎరగని ముగ్గురు భాగస్వాములవుతారు. అమ్మాలంటే మూడు సంతకాలు కావాలి. ఒకరు కుదరదంటే పంపకం దావాయే దారి.

దీనికి మందు నాన్నగారి వీలునామా. అది ఆయన నిర్ణయం, ఆయన మాటల్లోనే ఉండాలి. మీరు చిత్తుప్రతి రాసి సంతకానికి పెట్టకండి. ఇల్లు మీ ఇద్దరికీ, అందులో జీవితాంతం ఉండే హక్కు పిన్నికి, ఆవిడ ఖర్చులకు విడిగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ పూర్తి హక్కుతో: మీలాంటి కుటుంబానికి నాకు సరిగ్గా కుదురుతుందనిపించే ఏర్పాటు ఇదే. భర్త పోయిన మర్నాడు "నేనెక్కడుండాలి?" అన్న ప్రశ్న ఆవిడకు రాకూడదు.

ఇక్కడ ఒక్క వాక్యం ఎలా రాశారన్నది కీలకం. "మనోవర్తి కింద ఈ ఇల్లు జీవితకాలం అనుభవించాలి" అన్న తరహాలో రాస్తే చిక్కు. తులసమ్మ, శేషారెడ్డి కేసులో 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తి హక్కుకు బదులుగా హిందూ స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని చెప్పింది. ఆ తర్వాతి తీర్పులు అన్నీ ఒకే దారిలో లేవు. అందుకే యాజమాన్యం మీ ఇద్దరికి అని, పిన్నికి ఇచ్చేది నివసించే హక్కు మాత్రమేనని, జీవనానికి డిపాజిట్ విడిగా ఇస్తున్నానని మూడు వేర్వేరు వాక్యాల్లో ఉండాలి. ఈ భాగాన్ని వారసత్వ కేసులు చూసే లాయరు చేతే రాయించండి. ఆస్తి పన్ను, మరమ్మతులు ఎవరు భరించాలి, ఆవిడ అద్దెకివ్వచ్చా, కొడుకు దగ్గరికి పూర్తిగా వెళ్లిపోతే ఎన్ని నెలలకు ఈ హక్కు ముగుస్తుంది అన్నవీ అక్కడే రాయాలి. గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇలాంటి రాయని విషయాల దగ్గరే.

ఇంకో సంగతి. నాన్నగారి వీలునామా ఆయన మూడింట రెండు వంతులకే వర్తిస్తుంది. మీ మూడో వంతును పట్టుకుని మీరు పంపకం అడిగితే ఆవిడ నివాసం మళ్లీ ప్రశ్నార్థకమవుతుంది. కాబట్టి ఆవిడ ఉన్నంతకాలం పంపకం అడగమని మీ ఇద్దరూ ఒక కుటుంబ ఒప్పందం రాసి రిజిస్టర్ చేయించండి. మీరు ఫొటో కింద రాసిన మాటకు కాగితం మీది రూపం అదే. అంతేగానీ మీ వాటాను నాన్నగారికి విడుదల చేయకండి. చేస్తే అదీ ఆయన ఆస్తిలో కలిసిపోతుంది. అలాగే ఇల్లంతా ఇప్పుడే మీ పేరున గిఫ్టుగా రాయమని కూడా ఆయన్ను అడగకండి. సొంత ఇంట్లో ఆయన పిల్లల దయ మీద ఉండాల్సిన పరిస్థితి రాకూడదు.

వీలునామాపై నాన్నగారు సంతకం చేయడం చూసిన సాక్షులు ఇద్దరు ఉండాలి. వాటా పొందేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి. ఆయన పూర్తి స్పృహతో ఉన్నారని అదే రోజు డాక్టరు దగ్గర ధ్రువపత్రం తీసుకుంటే, తర్వాత ఎవరూ ఆ ప్రశ్న లేవనెత్తడానికి పెద్దగా వీలుండదు. పెళ్లికి ముందు రాసిన వీలునామా ఉంటే, హిందువుల విషయంలో పెళ్లి వల్ల అది రద్దు కాదు. అందులో పిన్ని పేరే ఉండదు కాబట్టి కొత్తది రాయాల్సిందే. ఇది చదివే క్రైస్తవ కుటుంబాల్లో మాత్రం పెళ్లితో పాత వీలునామా రద్దవుతుంది.

నామినీ పేర్లు కూడా వీలునామాతో కలిసేలా చూసుకోండి. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ డబ్బు అందుకునే మనిషే, యజమాని కాదు. పాత డిపాజిట్లలో ఇంకా అమ్మగారి పేరే ఉండి ఉండొచ్చు, రసీదులు తీసి ఒక్కొక్కటీ చూడండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురి వరకు నామినీలను శాతాలతో సహా పెట్టుకోవచ్చు. పిన్నికి ఉద్దేశించిన డిపాజిట్‌లో ఆవిడనే నామినీగా పెట్టి, ఆ ఖాతా నంబరు వీలునామాలో రాయండి.

చివరిగా పెన్షన్లు. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. కేంద్ర నిబంధనల ప్రకారం భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకుంటే మొదటి భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్ ఆగిపోతుంది. పిల్లలు లేనివారికి ఆదాయ పరిమితికి లోబడి మినహాయింపు ఉంది గానీ, పిన్నికి కొడుకు ఉన్నాడు కాబట్టి అది వర్తించదు. బ్యాంకుకు చెప్పకుండా తీసుకుంటూ పోతే తర్వాత మొత్తం వెనక్కి కట్టాలి. పెళ్లయిన రోజు నుంచే లెక్క, కాబట్టి ఈ వారంలోనే రాతపూర్వకంగా తెలియజేయండి. అంటే ఆవిడ సొంత ఆదాయం ఒకటి పోయినట్టే. పైన చెప్పిన డిపాజిట్ ఎంత ఉండాలో నిర్ణయించేటప్పుడు నాన్నగారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

మరోవైపు, రిటైరయ్యాక చేసుకున్న పెళ్లయినా నాన్నగారి తర్వాత పిన్నికి ఫ్యామిలీ పెన్షన్ అర్హత ఉంటుంది. మామూలు రేటు ఆయన చివరి మూల వేతనంలో 30 శాతం, దాని మీద కరువు భృతి. ఇది రావాలంటే పెళ్లి రిజిస్టర్ చేయించి, ఆ ధ్రువపత్రంతో, ఇద్దరూ కలిసి ఉన్న ఫొటోతో ఆయన రిటైరైన కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. పెన్షన్ పేమెంట్ ఆర్డరులో ఇప్పటికీ అమ్మగారి పేరే ఉంటుంది. అక్కడ పిన్ని పేరు చేరిన కాపీ చేతికొచ్చేదాకా అడుగుతూనే ఉండండి.