జాతర మంగళవారం పేపర్ పడింది, కోఆర్డినేటర్‌కి లెటర్ ఎలా రాయాలి?

"మేడం, నేను తిరుపతిలో ఒక అటానమస్ కాలేజీలో బీకాం నాలుగో సెమిస్టర్. నిన్న బోర్డులో తాత్కాలిక టైం టేబుల్ పెట్టారు. కాస్ట్ అకౌంటింగ్ పేపర్ సరిగ్గా గంగమ్మ జాతర మంగళవారం పొద్దున పడింది. చిన్నప్పుడు నాకు జబ్బు చేస్తే మా అమ్మ మొక్కుకుంది, ఈ ఏడు వేషం కట్టి తీర్చాలి. పరీక్షల కోఆర్డినేటర్ సార్‌కి ఇలా రాశాను: 'మా మనోభావాలను గౌరవించి జాతర రోజు పరీక్షను వాయిదా వేయవలసిందిగా ప్రార్థన.' ఇది ఇస్తే పనవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది."

నాయనా, ఈ లెటర్ ఇలాగే ఇస్తే పని కాదు. నీ మొక్కు చిన్నదని కాదు, ఇది చదివిన కోఆర్డినేటర్‌కి తర్వాత ఏం చేయాలో తెలియదు. ఏ పేపరు, దాని కోడ్ ఏంటి, ఎంతమందికి ఇబ్బంది, ఏ రోజుకి మార్చమంటున్నావు, ఇవేవీ అందులో లేవు. ఆయన మంచివాడైనా సరే, పైకి పంపడానికి అందులో పట్టుకునే విషయం లేదు కాబట్టి ఫైల్లో పెట్టేస్తాడు.

ముందు ఒక సంగతి. మన జాతరను పట్టించుకోకుండా తేదీ వేశారని కోపం పెట్టుకోవద్దు. సంక్రాంతి, ఉగాది, రంజాన్ లాంటివి ప్రభుత్వ సెలవుల జాబితాలో ముందే ఉంటాయి, ఎగ్జామ్ సెల్ వాళ్లు ఆ జాబితా ముందు పెట్టుకునే టైం టేబుల్ గీస్తారు. గంగమ్మ జాతర అలా కాదు, మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై, రోజుకో వేషంతో నడిచి, మళ్లీ మంగళవారానికి అసలు జాతర. మే నెలలో వస్తుందని మనందరికీ తెలుసు, కానీ ఏ మంగళవారమో ఏటా మారుతుంది. టైం టేబుల్ గీసినాయనది వేరే ఊరైతే ఆ మాత్రం కూడా తెలియకపోవచ్చు. అందుకే లెటర్‌తో పాటు గుడివాళ్లు వేసే ఆహ్వాన పత్రికో, వాల్ పోస్టర్ ఫోటోనో జత చెయ్యి. తేదీ రుజువు కావడానికి అది చాలు. కలెక్టర్ ఆ రోజుకి లోకల్ సెలవు ఇస్తే పేపర్ దానంతటదే వేరే రోజుకి మారుతుందని కొందరు చెప్తారు, ఇస్తే మంచిదే, కానీ అలాంటి ఉత్తర్వు చివరి రోజుల్లో రావొచ్చు, దానికోసం కూర్చుంటే నీ లెటర్ ఇచ్చే సమయం దాటిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. నీ కాలేజీ అటానమస్ కావడం నీకు కలిసొచ్చింది. డిగ్రీ యూనివర్సిటీ పేరుతో వచ్చినా టైం టేబుల్ వేసేది, ప్రశ్నపత్రాలు అచ్చేయించేది మీ కాలేజీయే. మామూలు అఫిలియేటెడ్ కాలేజీ అయితే మీ ఊళ్లోనూ చిత్తూరులోనూ పలమనేరులోనూ అదే గంటలో అదే పేపర్ తెరుస్తారు, ఒక సెంటర్‌కి వేరే రోజు పెడితే పేపర్ బయటికి పొక్కినట్టే. అలాంటి చోట కాలేజీ కోఆర్డినేటర్ చేయగలిగేది ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీ పరీక్షల విభాగానికి రాయడం వరకే, అది కూడా చాలా కాలేజీలు కలిసి అడిగితేనే కదులుతుంది.

పెద్ద పరీక్షలు పండగకి మారవా అంటే మారతాయి. 2025 జనవరి 15న పెట్టిన యూజీసీ నెట్ పరీక్షను పొంగల్, మకర సంక్రాంతి ఉన్నాయని 13న నోటీసు ఇచ్చి వాయిదా వేశారు. చాలా మంది అడిగారు, మారింది, కానీ ఆ మార్పు ఆ ఒక్క రోజుకే, 16న ఉన్న పేపర్లు 16నే జరిగాయి. నువ్వూ ఒక్క రోజు, ఒక్క పేపర్ గురించే అడుగు. "పరీక్షలన్నీ వాయిదా" అనే మాట లెటర్లో ఎక్కడా రానీయకు.

అడిగే ముందు టైం టేబుల్ కాగితం ముందు పెట్టుకుని ఒక పని చెయ్యి. ఆ మంగళవారం పేపర్ ఎక్కడ పడితే ఎవరికీ తగలదో వెతుకు. ముందుకి జరపమని మాత్రం అడగొద్దు, చదువుకునే రోజులు తగ్గాయని మిగతా పిల్లలే గొడవ చేస్తారు. వెనక్కి అడగాలి. మీ క్లాసుకి చివరి పేపర్ శుక్రవారం పొద్దున అనుకో, ఆ తర్వాత శనివారం పొద్దున ఖాళీగా కనిపిస్తుంది. కానీ అక్కడే చాలామంది బోల్తా పడతారు. మీకు ఖాళీ అయిన పూట పాత సబ్జెక్టులు మిగుల్చుకున్న పిల్లలకి బ్యాక్‌లాగ్ పేపర్ ఉండొచ్చు. మీ క్లాసులోనే పది మందికి రెండో సెమిస్టర్ అకౌంటెన్సీ మిగిలి ఉండి, అది శనివారం పొద్దున పెట్టి ఉంటే వాళ్లు ఒకే పూట రెండు పేపర్లు రాయలేరు కదా, కోఆర్డినేటర్ అది చూసిన మరుక్షణం నీ లెటర్ పక్కన పెట్టేస్తాడు. అందుకే క్లాస్ గ్రూపులో ఒక మాట అడిగి, ఎవరికి ఏ బ్యాక్‌లాగ్ ఏ రోజు ఉందో రాసుకుని, ఎవరికీ తగలని పూట దొరికాకే లెటర్ రాయి. ఈ పని ఎగ్జామ్ సెల్ చేయాల్సిందే, కానీ నువ్వు చేసి పెడితే వాళ్ల సగం తలనొప్పి పోతుంది.

రెండోది, ఒక్కడివే వెళ్లొద్దు. ఒక్క మొక్కు కోసం మూడు సెక్షన్ల పేపర్ కదపరు. మీ సెక్షన్లలో ఆ రోజు ఇంట్లో పొంగళ్లు ఉన్నవాళ్లు, వేషం కట్టేవాళ్లు ఎంతమందో లెక్క తీసి, రోల్ నంబర్లతో సంతకాలు పెట్టించు. ఇంకో కారణం కూడా ఉంది, మనోభావాల కంటే ఎగ్జామ్ సెల్‌కి అదే ఎక్కువ బరువు. జాతర మంగళవారం గుడి చుట్టూ రోడ్లు జనంతో నిండిపోతాయి, పోలీసులు బండ్లు మళ్లిస్తారు, ఆటోలు దొరకవు. ఆ పక్కల నుంచి కాలేజీకి రావాల్సిన పిల్లలు సమయానికి హాల్లో కూర్చోలేకపోతే, ఆ తంటా కోఆర్డినేటర్ మెడకే చుట్టుకుంటుంది. ఇది బెదిరింపులా కాకుండా ఉన్నదున్నట్టు రాయి.

నేనైతే ఇలా రాస్తాను, నీ వివరాలు పెట్టుకో:

"గౌరవనీయులైన పరీక్షల కోఆర్డినేటర్ గారికి, ప్రిన్సిపాల్ గారి ద్వారా. విషయం: బీకాం నాలుగో సెమిస్టర్ కాస్ట్ అకౌంటింగ్ పేపర్ (కోడ్ ……) తేదీ మార్పు కోసం. అయ్యా, …… తేదీన బోర్డులో పెట్టిన తాత్కాలిక టైం టేబుల్ ప్రకారం పై పేపర్ …… తేదీ మంగళవారం పొద్దున ఉంది. అదే రోజు తిరుపతి గంగమ్మ జాతర. మూడు సెక్షన్లలో …… మందికి ఆ రోజు ఇంటి మొక్కులు ఉన్నాయి. గుడి పరిసరాల్లో రాకపోకలు మళ్లించే అవకాశం ఉన్నందున మరికొందరికి సెంటర్‌కి చేరడం కష్టం. ఈ ఒక్క పేపర్‌ను …… తేదీ శనివారం పొద్దునకి మార్చవలసిందిగా కోరుతున్నాం. ఆ పూట మా విద్యార్థులకు రెగ్యులర్ పేపర్ గానీ బ్యాక్‌లాగ్ పేపర్ గానీ లేదని సరిచూసుకున్నాం. శనివారం వీలుకాకపోతే మీకు అనుకూలమైన మరో తేదీ అయినా మాకు సమ్మతమే. జత: జాతర ఆహ్వాన పత్రిక, రోల్ నంబర్లతో సంతకాల జాబితా."

అంతే, ఒక్క పేజీ దాటొద్దు. మీ అమ్మ మొక్కు కథ అందులో అక్కర్లేదు, కోఆర్డినేటర్ గదిలోకి పిలిచి అడిగితే అప్పుడు నోటితో చెప్పు. చివర్లో "మరో తేదీ అయినా సమ్మతమే" అన్న వాక్యం తీసేయకు, శనివారం ఇన్విజిలేషన్‌కి లెక్చరర్లు చాలకపోతే సోమవారం ఇవ్వడానికి దారి ఉంటుంది.

ఎప్పుడు ఇవ్వాలంటే, రేపే. తాత్కాలిక టైం టేబుల్ అని పెట్టేదే ఇలాంటి అభ్యంతరాల కోసం. ఫైనల్ టైం టేబుల్ వచ్చి, హాల్ టికెట్ల మీద తేదీలు అచ్చయ్యి, ప్రశ్నపత్రాల కట్టలు రోజువారీగా సీలు వేశాక ఎంత మంచి లెటరైనా చేసేదేం లేదు. రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకో.

ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ఊళ్లో జాతర కోసం ఇలాగే అడిగింది. కాగితం చేతికిచ్చి వచ్చేసింది, లోపలినుంచి "చూద్దాంలేమ్మా" అన్నారట. ఆ మాటనే ఒప్పుకున్నట్టు తీసుకుని పరీక్షకి వెళ్లలేదు. పేపర్ మారలేదు. మెమోలో ఆ సబ్జెక్టు ఎదురుగా ఆబ్సెంట్ అని పడింది. సప్లిమెంటరీలో మంచి మార్కులతోనే పాసైంది, కానీ ఫైనలియర్‌లో క్యాంపస్‌కి వచ్చిన ఒక కంపెనీ ఇప్పటివరకూ ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేనివాళ్లే రావాలంది. ఆబ్సెంట్ అయినా ఫెయిల్ అయినా వాళ్ల లెక్కలో ఒక్కటే. ఆ అమ్మాయి నా ముందు కూర్చుని మెమో కాగితం మడతపెట్టి విప్పుతూ ఉండిపోయింది, నాకిప్పటికీ గుర్తే.

కాబట్టి మారిందని నోటీసు బోర్డులో సంతకంతో ఉన్న కాగితం చూసే వరకు, పేపర్ మంగళవారమే ఉందనుకుని చదువు. ఒకవేళ కుదరదంటే పరీక్ష మానొద్దు, ఇది నా కచ్చితమైన మాట. మీ అమ్మతో, ఇంట్లో పెద్దవాళ్లతో ఈ రాత్రే కూర్చుని, ఆ మొక్కు వేషం జాతర వారంలో పరీక్ష లేని రోజు కట్టొచ్చా, లేక మంగళవారమే పరీక్ష అయిపోయాక మధ్యాహ్నం నుంచి కట్టొచ్చా అని అడుగు. అది మీ ఇంటి ఆచారం, నేను తేల్చేది కాదు. కానీ పొద్దున్నే వేషం కట్టేసి అటు నుంచి అటే హాలుకి వద్దామని మాత్రం అనుకోకు. ముఖమంతా రంగో కుంకుమో ఉంటే హాల్ టికెట్ ఫోటోతో పోల్చి చూడటం కుదరదు, గేటు దగ్గరే ఆపేస్తారు, అది కడుక్కుని వచ్చేసరికి అరగంట పోతుంది.

లెటర్ ఇచ్చిన మూడో రోజు ఇన్‌వర్డ్ నంబరు చెప్పి ఆఫీసులో అడుగు, ఏమన్నారో నాకు రాయి.