కూర్చోబెట్టడానికి ముందు చెరువు చుట్టూ తిరగండి

"మా ఊరి చెరువు నీళ్ల మీద ఆయకట్టు రైతులకూ చేపల సంఘానికీ పడడం లేదు. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడమని నన్ను అడుగుతున్నారు. ముందుగా ఏం చేయాలి?"

కూర్చోబెట్టడం చివరికి ఉంచండి. తొందరపడి నేను ఒకసారి దెబ్బతిన్నాను.

మాదీ ఇలాంటి గొడవే. యాసంగి వరికి తడులు కావాలని రైతులు, నీరు తగ్గితే చేప ఎదగదని సంఘంవారు. జనవరిలో ఒక పూట మాట్లాడించి, వారానికి రెండు రోజులే తూము తెరవాలని రాయించి సంతకాలు పెట్టించాను. పది రోజులు తిరగకుండానే ఒక రాత్రి ఎవరో తూము ఎత్తేశారు. మీరే ఎత్తారంటే మీరే ఎత్తారని రెండు పక్షాలూ మళ్లీ కలబడ్డాయి.

అప్పుడు నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కొక్కరినీ విడిగా అడిగాను: ఏం కావాలి, ఎందుకు కావాలి, దక్కకపోతే ఎవరికి జవాబు చెప్పుకోవాలి? మూడో ప్రశ్నే తలుపులు తెరిచింది. రైతుల్లో ఎక్కువ మంది కౌలుదారులు. కౌలు ముందే కట్టేశారు కాబట్టి ఒక్క తడి తప్పినా అప్పులో పడతారు. చేపల సంఘానికి వ్యాపారి ముందుగా డబ్బిచ్చాడు, చేప కిలో తూగితేనే ఒప్పుకున్న ధర. వల ఎప్పుడు వేయాలో నిర్ణయిస్తున్నది ఆ వ్యాపారి. మా సమావేశంలో అతని పేరే రాలేదు.

గతాన్ని మాత్రం ఎవరు చెప్పింది వారి పేరుతోనే వేర్వేరు వరుసల్లో రాసుకోండి. రైతుల కథ పైరు ఎండిన ఏడాదితో మొదలైంది. సంఘం కథ అంతకు ముందు, కట్ట మరమ్మతు కోసం చెరువు ఖాళీ చేసి చేపలు పోగొట్టుకున్న ఏడాదితో. ఎవరు ఎక్కడ మొదలుపెడతారో అక్కడే వారి గాయం ఉంటుంది.

అయినా తూము సంగతి తేలలేదు. ఆ రాత్రి నీరు మురుగుకాలువ పాలైంది, రైతులకూ దక్కలేదు. మరి నీరు పోతే ఎవరికి మేలు? చెరువు చుట్టూ నడిచాను. పై వైపు, నీరు తగ్గితే బయటపడే శిఖం భూమిలో నీటి అంచు దాకా దున్ని పుచ్చ గింజలు వేసి ఉన్నాయి. నీరు ఎంత త్వరగా వెనక్కి పోతే కాయ అంత ముందుగా మార్కెట్టుకు చేరుతుంది. ఆ సాగుదారులు ఇరుపక్షాలకూ బంధువులే కావడంతో ఎవరూ వారి మాట ఎత్తలేదు. చేతిలో పట్టా లేదు కాబట్టి వారు నలుగురిలోకి రాలేదు. తూము వారే ఎత్తారని నేను రుజువు చేయలేదు, నింద వేయలేదు.

కానీ ఏం చేయాలో ఆ నడకతోనే మారిపోయింది. చిన్న చేపకు తక్కువ ధర ఇచ్చి రెండు విడతల్లో తీసుకునేలా సంఘంవారే వ్యాపారిని ఒప్పించారు. తూము రాతి మీద రంగుతో గీత గీశాం, వల వేసేదాకా నీరు ఆ గీత కిందికి దిగకూడదు. శిఖం సాగుదారులకు వారి ఇళ్ల దగ్గరే ఆ మట్టం చెప్పాను, నీరు ఎక్కడిదాకా నిలుస్తుందో తెలిసి దానికి పైనే విత్తుకున్నారు. ఆ పంటకాలం గీత నిలిచింది. శిఖం ఆక్రమణ అలాగే ఉంది. అది రెవెన్యూవారు తేల్చాలి.

మీరు రాసుకున్న కాగితం మాత్రం ఎవరికీ చూపకండి. కౌలుదారు అప్పు, వ్యాపారి బయానా అన్నీ అందులో ఉంటాయి.