పై బీపీ 170, కింది బీపీ 65: పెద్దవాళ్లలో ఈ తేడా ఏం చెబుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. బీపీ ఎప్పుడు చూసినా పైన 165–170, కింద 65 దగ్గర ఉంటోంది. డాక్టరుగారు ఆమ్లోడిపిన్ రాశారు. కింద ఇప్పటికే తక్కువ ఉంది కదా, మాత్ర వేస్తే ఇంకా పడిపోదా? వయసుకి వంద కలిపితే ఎంతొస్తే అంత బీపీ ఉండొచ్చని మా పెదనాన్న అంటున్నారు. మాత్ర మొదలుపెట్టాలా, వద్దా?

జవాబు:

మొదలుపెట్టండి. నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మా అమ్మకి 74వ ఏట అచ్చం ఇదే పరిస్థితి వచ్చింది, బీపీ 168/66. కింది అంకె తక్కువ ఉందని ఇంట్లో అందరూ ధైర్యంగా ఉన్నారు. కానీ ఈ వయసులో పైది పెరగడానికి ఏది కారణమో, కిందది తగ్గడానికి కూడా చాలాసార్లు అదే కారణం. రక్తనాళాలు బిరుసెక్కడం.

గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బృహద్ధమనిలోకి వస్తుంది. వయసులో ఉన్నవాళ్లకి ఆ ధమని గోడ సాగుతుంది. వచ్చిన రక్తంలో దాదాపు సగాన్ని అక్కడే పట్టి ఉంచి, గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో మెల్లగా ముందుకి తోస్తుంది. అందుకే వాళ్లకి పైన మరీ పెరగదు, కింద మరీ పడదు. ఏళ్లు గడిచేకొద్దీ గోడలో సాగే గుణమిచ్చే ఎలాస్టిన్ పోగులు తెగిపోతాయి, గట్టిగా ఉండే కొల్లాజెన్ పెరుగుతుంది, కాల్షియం పేరుకుంటుంది. రబ్బరు గొట్టం ఉండాల్సిన చోట ఇనప పైపు వచ్చినట్టు అవుతుంది. గుండె తోసిన దెబ్బంతా పై అంకెలో కనిపిస్తుంది. విశ్రాంతి సమయానికి దాచిపెట్టిన రక్తం ఉండదు కాబట్టి కింది అంకె పడిపోతుంది. చాలామందిలో 50–55 ఏళ్ల వరకు రెండు అంకెలూ కలిసి పెరుగుతాయి. ఆ తర్వాత పైది పెరుగుతూ పోతుంది, కిందది దిగడం మొదలవుతుంది.

దీనికి తోడు ఇంకొకటి జరుగుతుంది. గుండె కొట్టిన ప్రతి దెబ్బకీ ఒక అల రక్తనాళాల వెంట పరుగెత్తి, చిన్న నాళాల దగ్గర తగిలి వెనక్కి వస్తుంది. మెత్తటి నాళాల్లో అది సెకనుకి 5–6 మీటర్ల వేగంతో వెళ్లి, గుండె విశ్రాంతి తీసుకునే వేళకి తిరిగొస్తుంది. బిరుసెక్కిన నాళాల్లో వేగం 10 మీటర్లు దాటుతుంది. దాంతో గుండె ఇంకా రక్తాన్ని తోస్తుండగానే అల ఎదురొస్తుంది. పై బీపీ ఇంకాస్త పెరుగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పై అంకెలోంచి కింది అంకె తీసేస్తే వచ్చేది పల్స్ ప్రెషర్. అమ్మది 168లోంచి 66 పోతే 102. మామూలుగా అది 40 దగ్గర ఉంటుంది. పెద్దవాళ్లలో 60 దాటితే నాళాలు బిరుసెక్కాయని అనుమానిస్తాం. ఈ తేడాలో మూడో వంతుని కింది అంకెకి కలిపితే సగటు బీపీ వస్తుంది. అమ్మకి 66కి 34 కలిపి 100. బీపీ 130/85 ఉన్న మనిషికీ లెక్కకడితే వచ్చే సగటు 100 మాత్రమే. సగటు ఒకటే, కానీ ఒకరి నాళాలు ప్రతి దెబ్బకీ 45 మేర ఊగితే, ఇంకొకరివి 102 మేర ఊగుతున్నాయి. మెదడులోనూ కిడ్నీల్లోనూ ఉండే సన్నటి నాళాలు ఈ ఊపుని తట్టుకోలేవు. గుండె కూడా రెండు వైపులా నష్టపోతుంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురు తోసి తోసి కండ మందమవుతుంది. ఆ మందమైన కండకి రక్తం అందేది ముఖ్యంగా విశ్రాంతి సమయంలోనే, అప్పుడేమో ఒత్తిడి తక్కువ.

మీ అసలు భయానికి వస్తాను. 1991లో వెలువడిన షెప్ అనే అమెరికా అధ్యయనంలో 60 దాటిన 4,736 మంది ఉన్నారు. అందరికీ పైన 160 లేదా అంతకంటే ఎక్కువ, కింద 90లోపు. ఒంట్లోని ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపే క్లోర్తాలిడోన్ మాత్రతో మొదలుపెట్టి చికిత్స చేసినవాళ్లకి అయిదేళ్లకి సగటున 143/68 ఉంటే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకి 155/72 ఉంది. అంటే పైన 12 తగ్గితే, కింద తగ్గింది 4. ఆ అయిదేళ్లలో పక్షవాతం నూటికి 8.2 మంది నుంచి 5.2కి దిగింది. ‘వయసుకి వంద’ మాట ప్రకారమైతే మీ నాన్నగారికి 172 దాకా పర్లేదు. మీ పెదనాన్నగారికి ఈ లెక్క చెప్పండి.

అమ్మకి చేసింది ఇది. ముందు ఎకో, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూశాం. గుండె కవాటం లీకవుతున్నా, రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి తేడానే కనిపిస్తుంది, వాటి వైద్యం వేరు. తనకి అవేవీ లేవు. కానీ నాడిని నెమ్మది చేసే అటెనొలాల్ అనే బీపీ మాత్ర ఎప్పుడో రాసింది ఏళ్లుగా వేసుకుంటోంది, నాడి 52. నాడి నెమ్మదిస్తే ఒక్కో దెబ్బకి గుండె ఎక్కువ రక్తం తోయాల్సి వస్తుంది, ఆ తేడా ఇంకా పెరుగుతుంది. గుండె జబ్బులాంటి వేరే కారణం లేకపోతే ఈ రకం బీపీకి అది నా మొదటి ఎంపిక కాదు. దాన్ని కొద్దికొద్దిగా తగ్గించి ఆపాం (ఒక్కసారిగా మాత్రం ఎవరూ ఆపొద్దు, ప్రమాదం). ఆమ్లోడిపిన్ 2.5తో మొదలుపెట్టి 5 చేశాం, తర్వాత క్లోర్తాలిడోన్ 6.25 కలిపాం. ఆవకాయ, అప్పడాలు, మజ్జిగలో ఉప్పు తగ్గించడానికి మాత్రం ఇంట్లో పెద్ద గొడవే అయింది. కొన్ని నెలలకి 140/61 దగ్గర నిలిచింది. తేడా 102 నుంచి 79కి వచ్చింది. 40కి తేవాలని మేం ప్రయత్నించలేదు. గట్టిపడిన గోడని మళ్లీ మెత్తగా చేసే మాత్ర లేదు. పైది తగ్గించడమే మన చేతిలో ఉంది.

మీ భయంలో నిజం లేకపోలేదు. కింది బీపీ 60 కంటే బాగా దిగితే, ముఖ్యంగా గుండె నాళాల్లో పూడికలు ఉన్నవాళ్లకి, ఇంకా తగ్గించే ముందు ఆగి ఆలోచిస్తాం. అందుకే తక్కువ డోసుతో మొదలుపెట్టి వారాల తరబడి మెల్లగా పెంచుతాం. ఇంట్లో మీరు చూడాల్సింది నిలబడ్డప్పటి బీపీ. ముందు అయిదు నిమిషాలు వీపుకి ఆనుకుని, మాట్లాడకుండా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూడండి. తర్వాత లేపి, ఒకసారి నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకి చూడండి. పైన 20 గానీ కింద 10 గానీ పడినా, కళ్లు తిరిగినా డాక్టరుకి చెప్పండి. పెద్దవాళ్లు పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఆమ్లోడిపిన్‌తో పాదాలు వాస్తే అదీ చెప్పండి, డోసు మార్చొచ్చు. క్లోర్తాలిడోన్‌లాంటిది కలిపితే రెండు మూడు వారాల్లో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. సోడియం పడిపోయిన పెద్దవాళ్లు నీరసంగా, తికమకగా మాట్లాడితే ఇంట్లోవాళ్లు వయసు ప్రభావం అనుకుంటారు.

ఇంకొక్క పని. మొదటిసారి రెండు చేతులకీ బీపీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాతెప్పుడూ చూడండి. వారం పాటు పొద్దున, సాయంత్రం రెండు అంకెలూ, నాడీ రాసుకుని వెళ్తే డోసు నిర్ణయించడం మీ డాక్టరుగారికి తేలికవుతుంది.