గొంతు ఎక్కడ దించాలి?

"సార్, నాది గాజువాక, బీటెక్ ఫైనలియర్. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ మాక్ టెస్టులో నేను ఇంకా చెబుతుండగానే మేడమ్ తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతున్నారు, ఒక్కోసారి నేను ముగించాక కూడా ఎదురుచూస్తున్నారు. గ్రామర్ బాగానే ఉందంటున్నారు. నా యాస మార్చుకోవాలా?"

యాస జోలికి వెళ్లకమ్మా. ఆ టెస్టులో మార్కులు వేసే నాలుగు అంశాల్లో ఉచ్చారణ ఒకటి, అందులోనూ ముఖ్యంగా చూసేది మాట ఎంత తేలిగ్గా అర్థమవుతోందని. నీ ఇబ్బంది గొంతు ఎక్కడ లేపాలి, ఎక్కడ దించాలి అన్న దగ్గర ఉంది.

తెలుగులో "బీచూ, కైలాసగిరీ, సింహాచలమూ" అంటాం కదా, ఆ దీర్ఘాలే వీటన్నిటినీ ఒక వరసలో కలిపేస్తాయి. "వచ్చాడా" అంటే చివరి 'ఆ'తోనే అది ప్రశ్న, "వస్తాడేమో" అంటే 'ఏమో'తోనే అనుమానం. ఇంగ్లీషులో ఈ తోకలు లేవు, చాలాచోట్ల ఆ పని గొంతే చెయ్యాలి, అక్కడే మన పిల్లలు ఇరుక్కుంటారు.

మీ ఊళ్లో నీకేం నచ్చుతాయని అడిగారనుకో. "ద బీచ్, కైలాసగిరి, సింహాచలం అండ్ ద ఫుడ్" అని చెప్పాలి. బీచ్, కైలాసగిరి, సింహాచలం మూడింటి దగ్గరా గొంతు కొంచెం పైకి లేవాలి, ఫుడ్ దగ్గర స్పష్టంగా కిందికి దిగాలి. కైలాసగిరి దగ్గరే దించేసి ఊపిరి తీసుకున్నావంటే వినేవాళ్లకి జవాబు అయిపోయినట్టే, అందుకే మేడమ్ ముందుకెళ్లిపోతారు. ఫుడ్ దగ్గర కూడా లేపి వదిలేస్తే ఇంకేదో వస్తుందని ఆగుతారు. నువ్వు చెప్పిన రెండు ఇబ్బందులకీ నాకు కనిపిస్తున్న కారణం ఇదే.

ప్రశ్న అర్థం కాక "యు మీన్ మై హోమ్‌టౌన్?" అని అడిగేటప్పుడు మాటల వరస మామూలు వాక్యంలాగే ఉంటుంది, చివర గొంతు లేపకపోతే నువ్వు అడుగుతున్నావని ఎవరికీ తెలియదు. 'వాట్', 'వేర్'తో మొదలయ్యే ప్రశ్నలకి మాత్రం మామూలుగా చివర దించుతారు, ఆ మాటే అది ప్రశ్నని చెప్పేస్తుంది కాబట్టి.

అనుమానం కొంచెం కష్టం. "ఇట్ మైట్ హెల్ప్" అన్నప్పుడు 'హెల్ప్' మీద గొంతు దిగి, మళ్లీ కాస్త లేవాలి, 'ఏమో' అన్న భావం అందులో వస్తుంది. స్పీకింగ్ టెస్టు మూడో భాగంలో అభిప్రాయాలు అడుగుతారు కాబట్టి అక్కడ ఇది బాగా పనికొస్తుంది. కానీ టెన్షన్‌లో ప్రతి వాక్యం చివరా గొంతు లేపకు, తెలిసిన విషయం కూడా తెలియనట్టు వినిపిస్తుంది.

రేపు ఆ నాలుగు పేర్ల జవాబునే ఫోన్‌లో రికార్డు చెయ్యి. మీ స్నేహితురాలికి సింహాచలం వరకే వినిపించి ఆపేసి, "అయిపోయిందా, ఇంకా ఉందా?" అని అడుగు. అయిపోయిందంటే సింహాచలం దగ్గర గొంతు దిగిపోతోందన్నమాట. అప్పుడు మాటలు పక్కనపెట్టి ఆ రాగం మాత్రం "ఊఁ" అని నాలుగైదు సార్లు పలికి, మళ్లీ మాటలతో రికార్డు చెయ్యి.