నక్షత్రం రాత్రి కార్డే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మూడేళ్లు తండ్రి జబ్బుతో, మధ్యలో పోయిన ఉద్యోగంతో, అప్పులతో నలిగిన ఆవిడకు టారో కార్డులు తీస్తే గడిచిన కాలం చోట పెంటకిల్స్ ఐదు, ఇప్పటి చోట నక్షత్రం, ముందు చోట సూర్యుడు పడ్డాయని రాశావు. "ఇక మీ కష్టాలు తీరిపోయినట్టే" అనబోయి ఆగిపోయావట. మంచి పని చేశావు.

నేను ఒకసారి ఆగలేదు. అలాగే అలసిపోయి వచ్చిన ఒకామెకు సూర్యుడు పడగానే ఉత్సాహం ఆపుకోలేక, మూడు నెలల్లో అంతా చక్కబడుతుందన్నాను. కార్డు మీద 19 అని ఉంటుంది కానీ నెలల లెక్క ఎక్కడా ఉండదు. అది నేను కల్పించిన గడువు. అయిదో నెలలో ఆమె మళ్లీ వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. "మంచి రోజులు వస్తాయన్నారు కదా, రాలేదంటే నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. నా మాట తప్పయితే ఆ భారం ఆమె తన మీద వేసుకుంది.

ఇప్పుడు నీ కార్డులు చూద్దాం. మనం వాడే కట్ట 1909లో వెయిట్ ఆలోచనతో పమేలా కోల్మన్ స్మిత్ గీసినది. అందులో నక్షత్రం రాత్రి బొమ్మ. చాలామంది ఆశ అనే ఒక్క మాట చెప్పి దాటేస్తారు. వెయిట్ ఆ కార్డుకు రాసిన అర్థాల్లో నష్టం, దొంగతనం, లేమి, విడిచిపెట్టడం ముందు ఉంటాయి. ఆశ, మంచి భవిష్యత్తు అనేవి మరో అర్థంగా తరువాత వస్తాయి. బొమ్మను చూసినా అంతే. ఆ స్త్రీ ఒంటి మీద బట్ట లేదు. ఒక మోకాలు నేల మీద ఆనించి, మరో పాదం నీటి మీద ఉంచి, రెండు కుండల్లో ఒకదాని నీరు కొలనులో, మరొకదాని నీరు నేల మీద పోస్తోంది. దీనికి ముందున్న 16వ కార్డులో బురుజు కూలింది. ఇక కూలడానికి ఏమీ మిగలలేదు కాబట్టి ఆమె దాచుకునేదీ లేదు. అందుకని ఇప్పటి చోట పడితే నేను ఇంతవరకే చెబుతాను: "కూలడం ఆగినట్టుంది. మీరు ఇన్నాళ్లూ పోస్తూనే ఉన్నారు, ఆ నీరు ఎటు పోతోందో ఇప్పుడు చూసుకోవచ్చు." వినే మనిషి చాలాసార్లు ఇక్కడే కంట తడి పెడుతుంది. తొందరపడి సూర్యుడి దగ్గరకు లాక్కుపోకు. కాసేపు ఊరుకో.

నక్షత్రం 17, సూర్యుడు 19. నడుమ 18వది చంద్రుడు. ఆవిడకు ఆ కార్డు పడలేదు, కాబట్టి ఇంకా గడ్డుకాలం ఉందని బెదిరించకు. అదీ గాలిలో చెప్పే జోస్యమే. అయితే కొలనులోంచి పాకి వచ్చే ఆ పీతలాంటి జీవిని, కుక్కా తోడేలూ మొరిగే ఆ దారిని నీ మనసులో ఉంచుకుంటే, రాత్రి నుంచి ఒక్క గంతులో పగటికి దూకించే మాట నీ నోట రాదు.

సూర్యుణ్ణి పండగగా చదవడం తేలిక. నేను మాత్రం వెలుతురుగా చదువుతాను. కళ్లెం లేని తెల్లగుర్రం మీద పసివాడు, వెనక గోడ, గోడ మీదుగా తొంగిచూసే పొద్దుతిరుగుడు పువ్వులు. అక్కడ అన్నీ కనబడతాయి. పగటి వెలుతురులో ఎవరు తోడున్నారో తెలుస్తుంది, అప్పు మొత్తం ఎంతో కూడా తెలుస్తుంది. ఈ రెండోది విన్నప్పుడు మొహం మాడితే మాడనీ. ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు, "ఏ ఒక్క సంగతి తేటపడితే మీకు ఊపిరాడుతుంది?" అని అడుగు. అప్పుల మొత్తం తెలియదని అంటే సూర్యుడి పని అక్కడ మొదలైనట్టే. కాగితం మీద ఆ మొత్తం ఆవిడ చేతనే రాయించు. తండ్రి ఆరోగ్యం గురించి అడిగితే అది వైద్యుడు చెప్పవలసిన మాట అని సూటిగా చెప్పు. ఆ ప్రశ్నకు కార్డు తీయకు.

ఇంకొకటి. "మరో కార్డు తీయండి, ఎప్పుడో తెలుసుకుందాం" అని తప్పక అడుగుతుంది. తీసినప్పుడు కప్స్ మూడు వస్తే ఇద్దరికీ హాయిగా ఉంటుంది; స్వోర్డ్స్ తొమ్మిది వస్తే ఇంకొకటి తీస్తావు. నచ్చింది వచ్చేదాకా తీయడం చదవడం కాదు. ఆ మూడు కార్డులనే బల్ల మీద ఉంచి, నక్షత్రంలోని రెండు కుండల్లో ఏది ఖాళీ అయిందో ఆవిడనే చెప్పమను.

ఆ తరువాత ఏం జరిగిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ